వరి సాగు వీడియో ధారావాహికకు స్థిరమైన చట్రం: పేరు, ప్రారంభం, అంశాల క్రమం – కృష్ణా డెల్టా అనుభవం

వ్యవసాయ విస్తరణలో వీడియోల వినియోగం పెరిగిన తరువాత, వాటిని వారం వారం ధారావాహికగా అందించే ప్రయత్నాలు కూడా పెరిగాయి. అయితే ఒక భాగానికీ మరొక భాగానికీ పేరులో, ప్రారంభంలో, అంశాల అమరికలో పొంతన లేకపోతే రైతుకు కలిగేది కేవలం అసౌకర్యం కాదు. ఒక్కొక్కసారి అది పొలంలో తప్పుడు చర్యకే దారితీస్తుంది. కృష్ణా పశ్చిమ డెల్టాలో వరి సాగుపై మా బృందం రెండు ఖరీఫ్ కాలాలు నడిపిన ఒక వారపు ధారావాహికలో ఈ విషయం అనుభవానికి వచ్చింది. మొదటి సంవత్సరం చేసిన పొరపాటు ఏమిటి, దానిని ఏ విధంగా సరిదిద్దుకున్నాము, ఆ సవరణకు ఉన్న పరిమితులేమిటి అన్న విషయాలను ఈ వ్యాసంలో వివరించడమైనది.

గడియారం చేసిన పని

ధారావాహిక కార్యక్రమం మనకు కొత్త కాదు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. 1966 నుండి ఆకాశవాణి కేంద్రాలలో వ్యవసాయ, గృహ విభాగాలు ఏర్పడి, రైతుల కార్యక్రమాలకు ఒక నియమిత రూపం వచ్చింది. దూరదర్శన్‌లో కృషి దర్శన్ 1967 జనవరి 26న ఢిల్లీ పరిసర గ్రామాలలో సామూహిక వీక్షణకు మొదలైంది. తెలుగునాట ఈటీవీలో వచ్చిన ‘అన్నదాత’ కార్యక్రమాన్ని ఉదయపు కాఫీతో పాటు చూసిన రైతు కుటుంబాలు డెల్టాలో చాలా ఉన్నాయి. వీటన్నిటిలో ఉమ్మడి లక్షణం ఒకటి ఉంది. వేళ నిర్ణయమై ఉండేది, సంకేత సంగీతం వినపడగానే ఏ కార్యక్రమం మొదలవుతున్నదో పక్క గదిలో ఉన్నవారికి కూడా తెలిసేది.

ఇక్కడ 1956లో పూనా ప్రాంతంలో యునెస్కో సహకారంతో జరిగిన గ్రామీణ రేడియో వేదికల ప్రయోగాన్ని విద్యార్థులు గుర్తు చేసుకోవాలి. సుమారు 150 గ్రామాలలో శ్రోతల బృందాలను ఏర్పరచి, వారానికి రెండు చొప్పున పది వారాలు ఇరవై కార్యక్రమాలు వినిపించారు. ఒక్కొక్కటి అరగంట. బృందం విని, చర్చించి, ప్రశ్నలు పంపేది. వాటికి తరువాతి ప్రసారాలలో సమాధానాలు వచ్చేవి. అంటే శ్రోతకు కార్యక్రమం ఎప్పుడు వస్తుందో, అందులో తన ప్రశ్నకు చోటు ఎక్కడ ఉంటుందో ముందే తెలుసు. ఈ ప్రయోగాన్ని చదివేటప్పుడు మనం సాధారణంగా చర్చా బృందాల ప్రభావం మీదనే దృష్టి పెడతాము. కార్యక్రమపు అచ్చు మారకుండా ఉండటం కూడా ఆ ఫలితంలో భాగమేనని నా అభిప్రాయం.

రేడియోలో జూలై మూడవ వారం ప్రసారమైన మాట జూలై మూడవ వారంలోనే వినపడి గాలిలో కలిసిపోయేది. వీడియో అట్లా కాదు. జూలైలో పెట్టినది సెప్టెంబరులో ఒకరి చేతికి వస్తుంది, రెండేళ్ల తరువాత మరొకరి చేతికి వస్తుంది. నాలుగవ భాగం చూడని రైతు తొమ్మిదవ భాగాన్ని నేరుగా తెరుస్తాడు. పక్క ఊరి బంధువు వాట్సాప్‌లో పంపితే ధారావాహిక పేరే చూడకుండా తెరుస్తాడు. పూర్వం గడియారం, పంట క్యాలెండరు కలిసి చేసిన పనిని ఇప్పుడు వీడియో పేరు, మొదటి ఇరవై సెకన్లు చేయవలసి వస్తున్నది. ధారావాహిక రూపాన్ని స్థిరంగా ఉంచడంలోని అసలు సమస్య ఇదే.

‘తొమ్మిదవ వారం’ ఎవరి తొమ్మిదవ వారం?

2023 ఖరీఫ్‌లో మా ధారావాహికకు ‘వరి వారం’ అని పేరు పెట్టి, భాగాలకు వరుస సంఖ్యలు ఇచ్చాము. ‘వరి వారం – 1’ నుండి మొదలుపెట్టి ప్రతి శుక్రవారం ఒకటి చొప్పున విడుదల చేశాము. పేరు చిన్నది, పలకడానికి సులువు, వరుస స్పష్టం. చిత్రీకరణ బృందానికి కూడా సౌకర్యం. అంతా సక్రమంగానే ఉన్నదని అనుకున్నాము.

తొమ్మిదవ భాగంలో చిరుపొట్ట దశలో వేయవలసిన ఆఖరి దఫా నత్రజని గురించి చెప్పడమైనది. ఆ తరువాత రెండు వారాలకు డెల్టా శివారు గ్రామమొకదానిలో పొలాలు చూస్తుండగా ఒక రైతు గట్టు మీద నిలబడి ఇట్లా అన్నారు: “అయ్యగారూ, మీ తొమ్మిదో వారం చూసి యూరియా చల్లానండి. తీరా చూస్తే మా చేను నాటి అప్పటికి ఇరవై రోజులేనండి. పైన దుగ్గిరాల వాళ్లకు చెప్పింది మాకు చెప్పారనుకోలేదండి.” ఆ చేనులో ఆకులు ముదురు ఆకుపచ్చగా, మెత్తగా, ఏపుగా ఉన్నాయి. పిలకల దశలో తన వంతు ఎరువు అప్పటికే వేసిన రైతు, మా మాట విని ఆఖరి దఫా ఎరువు కూడా వెంటనే వేశారు. నత్రజని అధికమైన పైరు సుడిదోమకు, అగ్గి తెగులుకు ఎంత అనుకూలమో ఈ పత్రిక పాఠకులకు చెప్పనవసరం లేదు. ఆయన తప్పు ఏమీ లేదు. ‘తొమ్మిదో వారం’ అని మేమే చెప్పాము. ఏ రోజు నుండి లెక్కించిన తొమ్మిదో వారమో చెప్పలేదు.

డెల్టాలో ఈ తేడా అనివార్యం. ప్రకాశం బ్యారేజీ నుండి కాలువలకు నీరు వదిలినప్పుడు తాడేపల్లి, దుగ్గిరాల, తెనాలి వైపు ముందుగా అందుతుంది. రేపల్లె, నిజాంపట్నం శివారు భూములకు చేరేసరికి ఆలస్యమవుతుంది. నాట్లలో వారాల తేడా వస్తుంది. దీనికి తోడు ఒకే కాలువ కింద ఒకరు వెదజల్లుతారు, మరొకరు నారు పోసి నాటుతారు. వెదజల్లిన పైరు నాటిన పైరు కంటే సుమారు వారం పది రోజులు ముందుగా కోతకు వస్తుంది. ‘నలభై రోజుల పైరు’ అని రైతు అన్నప్పుడు నాటిన రైతు నాటిన రోజు నుండి లెక్కిస్తారు, వెదజల్లిన రైతు విత్తిన రోజు నుండి లెక్కిస్తారు. నారు వయసు పాతిక రోజులనుకుంటే మొదటివారి పైరు నిజానికి అరవై అయిదు రోజులది.

ఇక రకం వలన వచ్చే తేడా వీటి కంటే పెద్దది. బాపట్ల నుండి 1986లో విడుదలైన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204, సుమారు 150 రోజుల రకం. ఎం.టి.యు. 1010 సుమారు 120 రోజుల రకం. పూత మొదలు కోత వరకు, చిరుపొట్ట మొదలు పూత వరకు పట్టే కాలం రకాన్ని బట్టి పెద్దగా మారదు. మారేది ప్రధానంగా పిలకల దశ నిడివి. చిరుపొట్ట దశ కోతకు సుమారు 65 రోజుల ముందు వస్తుందని లెక్క వేస్తే, 1010లో అది విత్తిన 55వ రోజు ప్రాంతంలో, సాంబ మసూరిలో 85వ రోజు ప్రాంతంలో వస్తుంది. విత్తిన 60వ రోజున పక్కపక్క మడులలో ఒక పైరు చిరుపొట్ట దశ దాటి ఉంటుంది, మరొకటి ఇంకా పిలకలు పెడుతూనే ఉంటుంది. ఈ రెంటికీ కలిపి ‘తొమ్మిదవ వారం’ అని ఒక పేరు పెట్టడం శాస్త్రీయంగా తప్పు. వరుస సంఖ్య మా చిత్రీకరణ వరుసను చెప్పింది కాని పైరు స్థితిని చెప్పలేదు.

పేరులో ఏ మాట ముందు రావాలి

2024 ఖరీఫ్‌కు ముందు ధారావాహిక పేరును ‘వరి చేలో’ అని మార్చి, భాగం పేరుకు నాలుగు గదుల అచ్చును నిర్ణయించుకున్నాము. ధారావాహిక పేరు, పైరు దశ, సమస్య లేదా పని, కాలం. ఈ వరుస ఏ భాగంలోనూ మారదు.

```
వరి చేలో | పిలకల దశ | సుడిదోమ | ఖరీఫ్ 2024
వరి చేలో | చిరుపొట్ట దశ | ఆఖరి దఫా యూరియా | ఖరీఫ్ 2024
వరి చేలో | పాలుపోసుకునే దశ | తెల్లకంకి | ఖరీఫ్ 2024
```

వరుస సంఖ్యను పేరు నుండి పూర్తిగా తీసివేశాము. అది మా దస్త్రాలలో మాత్రమే ఉంటుంది. దీనిపై బృందంలో కొంత వాదన జరిగింది. సంఖ్య లేకపోతే ధారావాహిక అనిపించదని యువ శాస్త్రవేత్తలు అన్నారు. నిజమే, కథా ధారావాహికకు సంఖ్య అవసరం. మూడవ భాగం చూడకుండా నాలుగవది అర్థం కాదు. మన భాగాలు ఒకదానిపై ఒకటి ఆధారపడవు, పైరు దశపై ఆధారపడతాయి. వరుస కావలసినవారికి యూట్యూబ్‌లో ప్లేలిస్టు ఉన్నది, అందులో భాగాలు దశల వరుసలో అమరి ఉంటాయి. ప్లేలిస్టును ధారావాహికగా గుర్తించే అమరిక కూడా ఉన్నది. దానిని ఎంచుకుంటే అందులోని ఇతర భాగాలను చూపేందుకు అది తోడ్పడుతుంది.

నాలుగు గదులకు మించి పేరులో ఏమీ చేర్చరాదని నియమం పెట్టుకోవడానికి ఒక సాంకేతిక కారణం కూడా ఉంది. యూట్యూబ్ శీర్షికకు 100 అక్షరాల పరిమితి. తెలుగులో గుణింతపు గుర్తులు, వత్తులు వేర్వేరుగా లెక్కకు వస్తాయి. ‘వరి’ మనకు రెండక్షరాలు, యంత్రానికి మూడు. పైగా ఫోను తెరపై శీర్షికలో చివరి భాగం తరచుగా కత్తిరింపుకు గురవుతుంది. అందువలన కత్తిరించినా నష్టం లేని మాట, అనగా కాలం, చివరకు వెళ్లింది. విశ్వవిద్యాలయం పేరు, పథకం పేరు, శాస్త్రవేత్త హోదా మొదలైనవి వివరణలో ఉంటాయి. శీర్షిక మొదట్లో సంస్థ పేరు పెట్టే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. దానివలన జాబితాలోని వీడియోలన్నీ ఒకే మాటతో మొదలై, రైతుకు కావలసిన మాట తెరకు అవతల పడిపోతుంది.

సమస్య పేరును ఎట్లా రాయాలన్నది చిన్న విషయంగా కనబడుతుంది. ‘సుడిదోమ’, ‘సుడి దోమ’, ‘దోమపోటు’ అని మూడు రీతులలో మేమే మొదటి సంవత్సరం రాశాము. వెతికే రైతుకు ఒకటి దొరికితే మిగతావి దొరకలేదు. ఇప్పుడు ఒక పదాల పట్టిక తయారుచేసి, శీర్షికలో ఒకే రూపం, వివరణలో మిగతా రూపాలన్నీ ఇస్తున్నాము. ఇందులో జాగ్రత్త వహించవలసిన ఉదాహరణ ‘ఆకుముడత’. వరిలో అది పురుగు పేరు. గుంటూరు మిరప రైతుకు ముడత అంటే తామర పురుగుల వలన వచ్చే పైముడత లేక నల్లి వలన వచ్చే కిందిముడత. పంట పేరు లేకుండా ‘ఆకుముడత నివారణ’ అని శీర్షిక పెడితే అది తప్పుడు ఇంటికి చేరే ఉత్తరం వంటిది. మరికొన్ని సందర్భాలలో రైతు వెతికేది పురుగును కాదు, లక్షణాన్ని. కాండం తొలుచు పురుగు పేరుతో కాక ‘తెల్లకంకి’ అని వెతుకుతారు. ఈనిక తరువాతి భాగానికి అందుకే లక్షణం పేరే శీర్షికలో ఉంచడమైనది. పిలకల దశలో అదే పురుగు వలన మొవ్వు చనిపోతుంది కనుక, ఆ దశ భాగానికి ‘మొవ్వు ఎండటం’ అని వేరుగా పేరు పెట్టాము.

మొదటి ఇరవై సెకన్లు

మొదటి సంవత్సరపు ప్రారంభాన్ని ఇప్పుడు చూస్తే కొంత సిగ్గుగానే ఉంటుంది. తిరిగే చిహ్నం, సంగీతం, భవనం దృశ్యం, ఆపై వ్యాఖ్యాత నమస్కారం, ఆపై అతిథి శాస్త్రవేత్త పరిచయం. సుడిదోమ కనబడేసరికి నిమిషం దాటిపోయేది. యూట్యూబ్ గణాంకాలలో ప్రతి వీడియోకు వీక్షకులు ఎంతవరకు నిలిచారో చూపే గీత ఒకటి ఉంటుంది. 30వ సెకను వద్ద ఇంకా ఎంత శాతం మంది చూస్తున్నారో అది ప్రత్యేకంగా చెబుతుంది. మా భాగాలలో ఆ గీత భవనం దృశ్యం వద్దనే నిటారుగా పడిపోయింది.

ఇప్పటి ప్రారంభం ఇరవై సెకన్లు. మొదటి నాలుగు సెకన్లు ప్రతి భాగంలోనూ ఒకే ధ్వని, ఒకే అక్షరాల తీరుతో ధారావాహిక పేరు. ఆ ధ్వని మారరాదు. ఆకాశవాణి సంకేత సంగీతం 1936 నాటిది. తరాలు మారినా దానిని మార్చకపోవడంలోనే దాని ప్రయోజనం ఉంది. తరువాత నేరుగా పొలం. వ్యాఖ్యాత మూడు విషయాలు, ఎప్పుడూ ఇదే వరుసలో చెబుతారు: పైరు ఏ దశలో ఉంటే ఈ వీడియో వర్తిస్తుంది, ఆ దశను పొలంలో ఎట్లా గుర్తించాలి, ఈ రోజు చూడబోయే సమస్య ఏమిటి.

రెండవ విషయం మా సవరణలో కీలకమైనది. రోజుల లెక్కతో వచ్చిన చిక్కును దశ పేరు ఒక్కటే తీర్చలేదు, ఎందుకంటే ‘చిరుపొట్ట’ అన్న మాటను కూడా రైతులు అందరూ ఒకే అర్థంలో వాడరు. కొందరు పొట్ట దశనే అట్లా అంటారు. కనుక ప్రారంభంలో కన్నుతో పోల్చుకోగల గుర్తు చూపుతాము. చిరుపొట్ట భాగంలో వ్యాఖ్యాత ఒక ప్రధాన పిలకను పీకి, కాండాన్ని అడుగు నుండి నిలువుగా చీల్చి, పై కణుపు వద్ద ఒకటి రెండు మిల్లీమీటర్ల తెల్లని నూగు మొనను గోటితో చూపుతారు. “ఈ తెల్ల మొన మీ చేనులో కనబడితే ఈ వీడియో మీకు. కనబడకపోతే నాలుగు రోజులాగి మళ్లీ చీల్చి చూడండి” అని చెబుతారు. ఈ వాక్యం విని వీడియో ఆపివేసే రైతులు ఉంటారు. గీత అక్కడ పడిపోతుంది. ఆ పతనాన్ని వైఫల్యంగా లెక్కించవద్దని విద్యార్థులకు నా మనవి. శివారు రైతు సరైన కారణంతో వెళ్లిపోయి, సరైన రోజున తిరిగి రావడమే మనకు కావలసినది.

అందరినీ చివరి వరకు కూర్చోబెట్టాలన్న వినోద కార్యక్రమాల లక్ష్యాన్ని విస్తరణ వీడియోలకు యథాతథంగా అన్వయించలేము. మా గీతలను చదివేటప్పుడు గుర్తు చూపక ముందు జరిగిన పతనాన్ని, చూపిన తరువాత జరిగిన పతనాన్ని వేరుగా చూస్తాము. మొదటిది మా లోపం.

అంశాల క్రమం – సుడిదోమ భాగం

భాగం నిడివి ఆరు నిమిషాలు. అందులో అంశాల వరుస ఎప్పుడూ ఒకటే. వివరణలో కాల సూచికలు ఇస్తే యూట్యూబ్ వాటిని అధ్యాయాలుగా చూపుతుంది. మొదటి సూచిక 0:00తో మొదలు కావాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కొక్క అధ్యాయం పది సెకన్లకు తగ్గరాదు. సుడిదోమ భాగం వివరణ ఇట్లా ఉంటుంది.

```
0:00 ఈ వీడియో ఏ దశ పైరుకు
0:20 చేనులో గుర్తించడం
1:50 ఎప్పుడు చర్య తీసుకోవాలి
2:40 మందు లేకుండా చేయవలసినవి
3:50 మందు, మోతాదు
4:50 రైతు ప్రశ్న
5:40 తరువాతి దశ
```

గుర్తించే అధ్యాయంలో వ్యాఖ్యాత దుబ్బును వంచి, మొదలు వద్ద నీటికి పైన గుంపులుగా ఉన్న దోమలను చూపుతారు. చేను మధ్యలో వలయాకారంగా ఎండిన మచ్చలు కనబడేవరకు ఆగరాదని చెబుతారు. తరువాతి అధ్యాయంలో దుబ్బుకు దోమల సంఖ్య ఎంత ఉంటే చర్య అవసరమో చెప్పి, పిలకల దశలో పది నుండి పదిహేను అన్న పరిమితిని చేతితో లెక్కపెట్టి చూపుతారు. మందు లేకుండా చేయవలసిన పనులలో నీరు తీసి చేనును అడపాదడపా ఆరగట్టడం, నత్రజని తగ్గించడం, నాటిన రోజునే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలడం ఉంటాయి. బాటలు వదలని చేనులో పైరును పాయలుగా విడదీసి మందు మొదళ్లకు తగిలేలా పిచికారీ చేయాలి. మందు అధ్యాయంలో పైమెట్రోజిన్ లీటరుకు 0.6 గ్రాములు అని అంకెలు తెరపై కదలకుండా పది సెకన్లు నిలుస్తాయి. సింథటిక్ పైరిత్రాయిడ్లు వాడితే సుడిదోమ మరింత ఉధృతమవుతుందన్న హెచ్చరిక కూడా ఈ అధ్యాయంలోనే ఉంటుంది.

మందుకు ముందు ఎప్పుడూ ‘ఎప్పుడు చర్య’, ‘మందు లేకుండా’ అన్న రెండు అధ్యాయాలు రావడం సమగ్ర సస్యరక్షణ క్రమమే. అయితే రైతు అధ్యాయాల పట్టీ చూసి నేరుగా 3:50కు దూకగలడు. దూకుతున్నారని గీతలో ఆ చోట లేచే చిన్న గుట్ట చెబుతున్నది. దీనిని ఆపలేము. అందువలన మందు అధ్యాయం మొదటి వాక్యంగా పరిమితి సంఖ్యను మళ్లీ చెప్పడం నియమంగా పెట్టుకున్నాము: దుబ్బుకు ఇన్ని దోమలుంటేనే ఈ మందు. ఒకే మాట రెండుసార్లు వస్తున్నదని అనిపించినా తొలగించరాదు.

మందు, మోతాదు విషయమంతా ఒకే అధ్యాయంలో, మధ్యలో వేరే మాటలు కలవకుండా ఉండాలనడానికి మరొక బలమైన కారణం ఉంది. సిఫారసులు మారతాయి. ఫోరేట్ గుళికలను ఒకప్పుడు వరిలో విస్తృతంగా సిఫారసు చేసేవారము. కేంద్ర ప్రభుత్వం 2018లో జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుండి వాటి వాడకం నిషిద్ధం. అంతకుముందు చిత్రీకరించిన వీడియోలలో ఆ సలహా నేటికీ మాట్లాడుతూనే ఉండవచ్చు. యూట్యూబ్‌లో పెట్టిన వీడియో స్థానంలో అదే చిరునామాతో కొత్తది పెట్టడానికి వీలు లేదు. కాని మధ్యలో కొంత భాగాన్ని కత్తిరించి తీసివేయవచ్చు. మోతాదు ఒక నిమిషపు అధ్యాయంగా విడిగా ఉంటే దానిని తొలగించి మిగతా వీడియోను నిలుపుకోవచ్చు. గుర్తించే మాటల మధ్య, రైతు సంభాషణ మధ్య మందు పేరు చల్లినట్లు వచ్చి ఉంటే మొత్తం వీడియోను తొలగించడం తప్ప మార్గం లేదు. కత్తిరించిన తరువాత ఆపై అధ్యాయాల కాల సూచికలన్నీ ముందుకు జరుగుతాయి. వివరణలో వాటిని సరిచేయకపోతే ‘రైతు ప్రశ్న’ అని నొక్కినవారు మరెక్కడికో వెళతారు. లక్షకు మించి వీక్షణలు వచ్చిన వీడియోల విషయంలో ఇట్టి సవరణలపై పరిమితులున్నాయి కాబట్టి, సిఫారసు మారిన రోజునే ఆ పని చేయాలి. ప్రతి సంవత్సరం మే నెలలో, ఖరీఫ్‌కు ముందు, పాత భాగాల 3:50 అధ్యాయాలను మాత్రమే వరుసగా చూసే పనిని మేము ఒకరికి అప్పగిస్తున్నాము. అన్నీ ఒకే చోట ఉండటం వలన ఇది ఒక పూటలో పూర్తవుతుంది.

రైతు ప్రశ్న అధ్యాయం గురించి ఒక మాట. మొదట దీనిని వీడియో ప్రారంభంలో పెట్టాలని ఉత్సాహపడ్డాము. కాని ఆ ప్రశ్న గత భాగానికి సంబంధించినది. ఈ భాగాన్ని రెండేళ్ల తరువాత తెరిచినవారికి దాని ముందువెనుకలు తెలియవు. చివరకు మార్చాము.

అచ్చును ఎప్పుడు ఉల్లంఘించాలి

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరం దాటింది. కోతకు సిద్ధంగా ఉన్న వరి నేలవాలింది, కోసిన పనలు నీటిలో తేలాయి. ఆ వారం మా ‘వరి వారం’ అదే సంగీతంతో, అదే నమస్కారంతో, అదే పేరుతో వెలువడింది. లోపల మాత్రం పడిపోయిన చేనులో గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయమన్న సలహా ఉన్నది. ఎవరూ గమనించలేదు. మరొక వారపు భాగమని అనుకుని చాలామంది తెరవనే లేదు. ఒక రైతు తరువాత, “అదేదో మామూలుదనుకున్నామండి” అన్నారు. స్థిరత్వానికి ఉన్న ప్రమాదం ఇది. ఎప్పుడూ ఒకే ముఖంతో వచ్చేవాడు కీడు వార్త తెచ్చినా ముఖం చూసి తెలియదు.

ఇప్పుడు అత్యవసర సమాచారానికి వేరే అచ్చు ఉంది. దానికి ‘వరి చేలో’ పేరు ఉండదు, ఆ ధ్వని ఉండదు, అది ప్లేలిస్టులో చేరదు. శీర్షికలో మొదట విపత్తు పేరు, తేదీ ఉంటాయి. నిడివి రెండు నిమిషాలకు మించదు. పని మొదటి వాక్యంలోనే వస్తుంది. వారం తరువాత దానిని జాబితా నుండి తప్పిస్తాము, లేకపోతే మరుసటి సంవత్సరం తుపాను లేని రోజున ఎవరో చూసి ఆందోళన పడతారు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు, కృష్ణ రెండూ పొంగినప్పుడు ఈ అచ్చును మొదటిసారి వాడాము. ముంపు చేనులో ముందుగా మురుగు నీరు తీయడానికి గండ్లు ఎక్కడ పెట్టాలన్న విషయంతోనే మొదలుపెట్టాము. ఆ వారం మామూలు భాగాన్ని విడుదల చేయలేదు. ఒక శుక్రవారం తప్పినందుకు ఎవరూ నొచ్చుకోలేదు.

అతిథుల విషయంలో మాత్రం అచ్చును సడలించలేదు. కీటక శాస్త్రవేత్త వచ్చినా, తెగుళ్ల శాస్త్రవేత్త వచ్చినా ఇరవై సెకన్ల ప్రారంభం వ్యాఖ్యాతదే. అతిథి పేరు, హోదా తెర దిగువన అక్షరాలలో వస్తాయి, మాటలలో రావు. దీనికి కొందరు పెద్దలు కొంత మనస్తాపం చెందారు. ఒకటి రెండు భాగాలు చూసిన తరువాత సర్దుకున్నారు.

మాగాణి మినుముకు వచ్చినప్పుడు

ఈ చట్రాన్ని రబీలో వరి తరువాతి మినుముకు మార్చుతున్నప్పుడు ఎదురైన చిక్కు వేరు. మాగాణి మినుమును వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలుచున్న పైరులోనే చల్లుతారు. విత్తిన రోజు కంటే వరి కోసిన రోజునే రైతులు గుర్తుంచుకుంటారు. కూలీలు దొరకక కోత ఆలస్యమైతే మొలక వరి నీడలోనే సాగి పాలిపోతుంది; అప్పుడు ‘విత్తిన పది రోజులు’ అన్న మాటకు అర్థం మారిపోతుంది. వరిలో కాండం చీల్చి చూపినట్లు మినుములో చీల్చి చూపడానికి ఏమీ లేదు. ప్రస్తుతం మూడాకులు విచ్చుకున్న జతలను లెక్కించే పద్ధతిని ప్రారంభపు గుర్తుగా ప్రయత్నిస్తున్నాము: మొదటి మూడాకు విచ్చితే ఒక భాగం, నాలుగవది విచ్చితే మరొకటి. పూత తరువాత ఈ లెక్క పనిచేయదు కనుక అక్కడి నుండి మొదటి పూవు, మొదటి పిందె గుర్తులుగా తీసుకున్నాము. పల్లాకు తెగులు భాగానికి మాత్రం ఏ దశ పేరు పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు. ఆ తెగులు ఏ దశలోనైనా కనబడుతుంది, తొలి దశలో కనబడితే మొక్కను పీకివేయడం, మలి దశలో కనబడితే తెల్లదోమను అదుపు చేయడం ప్రధానమవుతాయి. ఒకే పేరుతో ఒక భాగమా, రెండు దశలకు రెండు భాగాలా అన్నది ఈ రబీలో రెండు రీతులా విడుదల చేసి, రైతు ప్రశ్నలలో ఏ రీతికి తక్కువ గందరగోళం కనబడుతుందో చూసి నిర్ణయిస్తాము.